పాత గచ్చు మీది వెలుగు, కొత్త టైల్

అందరికీ నమస్కారం.

తెర మీద రెండు ఫోటోలు చూస్తున్నారు. ఎడమవైపుది ఒక హాలు. నేలంతా లేత క్రీమ్ రంగు టైల్స్, ఎడమ మూల ఒక సోఫా, కుడివైపు పెద్ద కిటికీ. ఆ కిటికీ వెలుగు నేల మీద పొడుగ్గా మెరుస్తోంది. కుడివైపు ఫోటోలో ఉన్నది ఒక్కటే టైల్. ముదురు బూడిద రంగు, మధ్యలో సన్నటి తెల్ల చారలు, అద్దంలా మెరిసే పాలిష్. ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ టైల్ వేస్తే మా హాలు ఎలా ఉంటుంది?"

దీనికి జవాబుగా చాలామంది చేసేది, నేల భాగాన్ని కత్తిరించి, టైల్ బొమ్మను సాగదీసి అక్కడ అతికించడం. చూడగానే ఏదో తేడాగా అనిపిస్తుంది. సోఫా గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. టైల్ రంగు బాగానే ఉన్నా అది ఆ గదిలో ఉన్నట్టు అనిపించదు. కారణం ఏమిటంటే, పాత నేలతో పాటు దాని మీద పడిన వెలుగును, నీడను కూడా మనం కోసి పారేశాం. అవి టైల్‌వి కావు, గదివి. కాబట్టి ఈ పనిలో అసలు కిటుకు కొత్త టైల్‌ను అతికించడంలో లేదు. పాత టైల్ మీద గది వేసిన వెలుగును విడదీసి కొత్త టైల్‌కి అప్పగించడంలో ఉంది. ఇవాళ ఎక్కువ సేపు దాని గురించే మాట్లాడతాను. అయితే దానికంటే ముందు కొలత సరిపోవాలి. కొలత తప్పితే వెలుగు ఎంత బాగా కుదిరినా ఇంటివాళ్లకు మనం చూపించేది అబద్ధమే అవుతుంది.

ఈ ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు, ఎత్తు 3000. ఫోన్‌లోని మామూలు లెన్స్‌తో, నిలబడి తీసినది. వైడ్ లెన్స్‌తో తీసి ఉంటే గోడల అంచులు వంగిపోతాయి. వంగిన గీతలకు ఇప్పుడు చెప్పబోయే లెక్క పనిచెయ్యదు. అందుకే ఫోటో పంపేవాళ్లకు నేను ముందే చెబుతాను, గది మొత్తం ఫ్రేములోకి రాకపోయినా పర్వాలేదు, మామూలు లెన్స్‌తోనే తీయండి అని.

పాత టైల్స్ ఉండటం మన అదృష్టం. నేల మీద గళ్ల కొలబద్ద పరిచి ఉన్నట్టే లెక్క. ఇక్కడ పాత టైల్ 600 మిల్లీమీటర్ల చదరం, మధ్యలో 2 మిల్లీమీటర్ల జాయింటు. అంటే ఒక జాయింటు మధ్య నుంచి పక్క జాయింటు మధ్య వరకు 602. అడ్డంగా నాలుగు టైల్స్, లోపలికి ఐదు టైల్స్ ఉన్న ఒక దీర్ఘచతురస్రాన్ని ఎంచుకున్నాను. అసలు నేల మీద దాని కొలత 2408 బై 3010 మిల్లీమీటర్లు. ఫోటోలో అది వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని నాలుగు మూలలు ఫోటోలో ఎక్కడున్నాయో, ఫోటోను బాగా పెద్దది చేసి, జాయింట్లు కలిసే చోట క్లిక్ చేసి తీసుకున్నాను.

ఇప్పుడు పై నుంచి చూసినట్టు ఒక నేల ప్లాన్ తయారు చేసుకోవాలి. 5000 బై 6000 పిక్సెళ్ల ఖాళీ బొమ్మ, ఒక పిక్సెల్ అంటే ఒక మిల్లీమీటర్. కొత్త టైల్స్ పరిచేది ఇందులోనే. అందులో ఆ దీర్ఘచతురస్రాన్ని అంచుల నుంచి 1000 లోపలికి పెట్టాను. ప్లాన్‌లోని నాలుగు మూలలకూ ఫోటోలోని నాలుగు మూలలకూ ఉన్న సంబంధాన్ని హోమోగ్రఫీ అంటారు. చదునుగా ఉన్న ఏ తలానికైనా నాలుగు బిందువులు చాలు. ఓపెన్‌సీవీ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీ వాడేవాళ్లకు ఇది నాలుగు లైన్ల పని:

```python
src = np.float32([[1000,1000],[3408,1000],[3408,4010],[1000,4010]])
dst = np.float32([[1420,1510],[2610,1495],[3320,2480],[690,2525]])
H = cv2.getPerspectiveTransform(src, dst)
floor = cv2.warpPerspective(plan, H, (4000, 3000))
```

కోడ్ రాయనివాళ్లు ఇదే పనిని ఫోటో ఎడిటర్‌లో నాలుగు మూలలు లాగి చెయ్యొచ్చు. లెక్క అదే.

ఇక్కడ ఒక పరీక్ష తప్పకుండా చెయ్యండి. నాలుగు బిందువులతో లెక్క ఎప్పుడూ కుదురుతుంది, మీరు తప్పు చోట క్లిక్ చేసినా కుదురుతుంది. కాబట్టి తప్పును అది బయటపెట్టదు. దాన్ని బయటపెట్టేది ఐదో బిందువు. ఆ దీర్ఘచతురస్రానికి బయట, సోఫా దగ్గర ఇంకో జాయింట్ల కూడలి తీసుకోండి. లెక్క ప్రకారం అది ఎక్కడ పడాలో, ఫోటోలో ఎక్కడుందో పోల్చండి. మూడు నాలుగు పిక్సెళ్ల తేడా అయితే ముందుకు వెళ్లొచ్చు. పదిహేను ఇరవై ఉంటే మూలలు తప్పుగా తీసుకున్నట్టు, లేదా లెన్స్ వంపు ఉన్నట్టు. అక్కడే ఆగి సరిచేసుకోండి.

కొత్త టైల్ 600 బై 1200 మిల్లీమీటర్లు. ఈ సంగతి శాంపిల్ ఫోటో చూసి తెలియదు, పెట్టె మీది లేబుల్ చూసి తెలుసుకోవాలి. నేను దీన్ని గట్టిగా పట్టుకుంటాను. ఎందుకంటే పెద్ద టైల్‌ను చిన్నగా పరిచి చూపిస్తే చారలు చిక్కబడతాయి, నేల గజిబిజిగా కనిపిస్తుంది. చిన్నదాన్ని పెద్దగా చూపిస్తే గది లేనిపోని విశాలంగా కనిపిస్తుంది. ఇంటివాళ్లు ఈ బొమ్మ చూసి నిర్ణయం తీసుకుంటారు. తర్వాత పగలగొట్టి మార్చుకోగలిగే వస్తువు కాదు కదా!

శాంపిల్ ఫోటోలో ఇంకో చిక్కుంది. చేత్తో పట్టుకుని తీసిన టైల్ ఫోటోలో ఒక పక్క కాస్త వెలుగు ఎక్కువ ఉంటుంది. ఒక్క టైల్ చూస్తే కన్ను పట్టదు. ప్లాన్‌లో ఇరవై ముప్పై సార్లు పరచగానే ప్రతి టైల్‌కీ ఒక అంచు తెల్లగా, ఇంకో అంచు నల్లగా కనిపించి, నేల మీద మెట్లు ఉన్నాయా అన్నట్టు అవుతుంది. దీన్ని ముందే పట్టుకోవాలంటే శాంపిల్‌ను మూడు బై మూడు పరిచి, బొమ్మను బొటనవేలంత చిన్నది చేసి చూడండి. చారల వివరాలు పోయి వెలుగు తేడా ఒక్కటే మిగులుతుంది. సరిచెయ్యడానికి, అదే శాంపిల్‌ను బాగా మసకబార్చిన కాపీతో భాగించి, శాంపిల్ సగటు విలువతో గుణించాలి. అయితే పాలరాతి డిజైన్లలో వెడల్పాటి మబ్బుల్లాంటి మచ్చలుంటాయి, అవి డిజైన్‌లో భాగం. ఎక్కువ భాగిస్తే అవీ చెరిగిపోతాయి. అలాంటి టైల్‌ని నీడపట్టున, సమంగా పరుచుకున్న వెలుగులో మళ్లీ ఫోటో తీయించుకోవడమే మేలు.

ఒకే టైల్ బొమ్మ మళ్లీ మళ్లీ వస్తే అదే చార ప్రతి చోటా కనిపిస్తుంది కదా అని మీకు అనిపించే ఉంటుంది. ప్రింటెడ్ టైల్స్‌లో ఒకే మోడల్‌కి తయారీదార్లు చారల అమరిక మారే కొన్ని వేర్వేరు ఫేస్‌లు ఇస్తారు. దొరికితే అవన్నీ తెచ్చుకుని కలగలిపి పరచండి. ఒక్కటే ఉంటే కొన్నిటిని తలకిందులు చేయండి.

ఇక వెలుగు.

ఫోటోలో నేల మీది ఒక పిక్సెల్ విలువ రెండు విషయాల లబ్ధం. ఒకటి ఆ టైల్ ఎంత వెలుగును తిప్పి పంపుతుంది, రెండోది అక్కడ ఎంత వెలుగు పడింది. మొదటిది టైల్ స్వభావం, రెండోది గదిది. పాత టైల్ అంతా ఇంచుమించు ఒకే రంగు కాబట్టి, దాని స్వభావాన్ని ఒక స్థిరమైన సంఖ్య అనుకోవచ్చు. గది మధ్యలో, మెరుపు గానీ నీడ గానీ లేని చోట పాత నేల విలువ 200 ఉంది. దాన్ని ఒకటి అనుకుందాం. సోఫా అడుగున అదే నేల 100. అంటే అక్కడి వెలుగు గుణకం సగం. ఇలా నేలలోని ప్రతి పిక్సెల్‌నీ 200తో భాగిస్తే వెలుగు మ్యాప్ వస్తుంది. కొత్త టైల్‌ను ఆ మ్యాప్‌తో గుణిస్తే సరి. మన బూడిద టైల్ విలువ 120 అయితే సోఫా కింద 60 వస్తుంది. సోఫా మళ్లీ నేల మీద కూర్చుంటుంది.

చెప్పడానికి ఇంతే గానీ, మ్యాప్ తీసేటప్పుడు పాత జాయింట్లు అడ్డొస్తాయి. జాయింటు గీత టైల్ కంటే ముదురు రంగు. మ్యాప్ దాన్ని నీడ అనుకుంటుంది. అప్పుడు కొత్త 1200 టైల్ నడి మధ్యలో పాత 600 టైల్ గీత దయ్యంలా కనిపిస్తుంది. దీన్ని పోగొట్టడానికి మ్యాప్ మొత్తాన్ని బ్లర్ చేద్దామని అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే గీతలతో పాటు సోఫా కాలు నేలను తాకే చోట ఉండే సన్నటి నల్లటి నీడ కూడా పోతుంది. ఆ నీడ వెడల్పు రెండు మూడు వేళ్లంతే ఉంటుంది. కానీ వస్తువు నేల మీద ఆనుకుని ఉందని కంటికి చెప్పేది అదే. అది పోతే వస్తువు తేలుతుంది.

అందుకే నేను చేసేది ఇలా ఉంటుంది. జాయింట్లు ఎక్కడున్నాయో హోమోగ్రఫీ వల్ల మనకు ముందే తెలుసు. ప్రతి 602 మిల్లీమీటర్లకు ఒక గీత. ఆ గీతల మీద మాత్రమే సన్నటి మాస్క్ వేసి, రెండు పక్కల టైల్ విలువలతో ఆ గీతను పూడ్చేస్తాను. ఆ తర్వాత మిగిలిన చిన్న మచ్చలు పోవడానికి, అంచులను కాపాడే బైలేటరల్ ఫిల్టర్ లాంటిది కొద్దిగా వాడతాను. సోఫా కాళ్ల దగ్గర ఒక గీత నీడలోంచి పోతుంటే అక్కడ చేత్తోనే సరిచేస్తాను. బాగా వచ్చిందో లేదో చూడాలంటే వెలుగు మ్యాప్‌ను ఒక్కదాన్నే తెర మీద పెట్టి చూడండి. అందులో టైల్స్ లెక్కపెట్టగలిగితే పని మిగిలి ఉన్నట్టు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నేలలాగా, నీడలు మాత్రమే కనిపిస్తే అయినట్టు.

ఇప్పుడు ఆ కిటికీ మెరుపు సంగతి. చాలా బొమ్మలు ఇక్కడే చెడతాయి.

కిటికీ మెరుస్తున్న చోట పాత నేల విలువ 250. పైన చెప్పిన పద్ధతిలో గుణకం 1.25. కొత్త టైల్ 120ని గుణిస్తే 150 వస్తుంది. బొమ్మలో చూస్తే నేల మీద ఎవరో పిండి చల్లి తుడిచినట్టు ఒక లేత మరక ఉంటుంది, మెరుపు ఉండదు. ఎందుకంటే పాలిష్ మీది మెరుపు టైల్ రంగులోంచి రాదు. అది పై పొర నుంచి నేరుగా తిరిగొచ్చిన కిటికీ వెలుగు. కింద క్రీమ్ రంగున్నా నలుపున్నా ఆ వెలుగు ఇంచుమించు అంతే. నీడను గుణించాలి, మెరుపును కూడాలి. అందుకే నల్ల పాలిష్ టైల్ మీద కిటికీ అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్రీమ్ మీద అదే వెలుగు ఉన్నా, నేల ముందే తెల్లగా ఉండటంతో కన్ను దాన్ని పెద్దగా పట్టించుకోదు.

కాబట్టి మెరుపు భాగాన్ని వెలుగు మ్యాప్‌లోంచి తీసేయాలి. చుట్టుపక్కల నేల గుణకాలతో ఆ చోటును నింపితే మ్యాప్‌లో మామూలు వెలుగు మిగులుతుంది. ఇక కొత్త టైల్‌కి కావలసిన మెరుపును విడిగా కట్టాలి. కొత్తది మ్యాట్ అయితే దాదాపు ఏమీ కలపనక్కర్లేదు. మనది పాలిష్ కాబట్టి, నేల పైన కనిపించే గోడను, కిటికీని, స్కర్టింగ్ గీత దగ్గర మడిచి తలకిందులు చేసి నేల మీద కలపాలి. సోఫా ప్రతిబింబం సోఫా కాళ్ల దగ్గర మొదలవ్వాలి, గోడది గోడ అడుగున మొదలవ్వాలి. రెండింటినీ కలిపి ఒకేసారి తిప్పితే సోఫా ప్రతిబింబం దాని కాళ్లకు అంటుకోదు.

ఎంత కలపాలి? చూపు నిటారుగా కిందికి పడితే టైల్ పై గాజు పొర సుమారు 4 శాతం వెలుగును తిప్పి పంపుతుంది. నిటారు నుంచి 60 డిగ్రీలు వాలితే సుమారు 9 శాతం. 80 డిగ్రీలు వాలితే 39 శాతం దాకా పెరుగుతుంది. అంటే మన పాదాల దగ్గర నేల తక్కువ మెరుస్తుంది, దూరంగా గోడ దగ్గర బాగా మెరుస్తుంది. ఏ హోటల్ లాబీలోనైనా నిలబడి చూడండి, ఇది కనిపిస్తుంది. నేలంతటా ఒకే శాతం ప్రతిబింబం వేసిన బొమ్మలు నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచినట్టు ఉండటానికి కారణం ఇదే.

కూడేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోటోలోని సంఖ్యలు వెలుగుకు నేరుగా అనుపాతంలో ఉండవు. 255లో సగం వెలుగు 128 దగ్గర ఉండదు, సుమారు 188 దగ్గర ఉంటుంది. గుణించేటప్పుడు ఈ తేడా పెద్దగా కనిపించదు. సోఫా కింద 60 వచ్చిందన్నాను కదా, అసలు వెలుగు లెక్కలోకి మార్చి చేస్తే 57 వస్తుంది, అంతే. కానీ కూడేటప్పుడు చాలా తేడా వస్తుంది. అదే 60 ఉన్న చోట తెల్ల గోడ ప్రతిబింబం 10 శాతం కలపాలనుకోండి. సంఖ్యలనే కూడితే 85 వస్తుంది. అసలు వెలుగులోకి మార్చి, కూడి, తిరిగి మారిస్తే సుమారు 106. మీ ప్రతిబింబాలు ఎప్పుడూ పేలవంగా వస్తున్నాయని అనిపిస్తే ముందు ఇది చూడండి.

ఇంకొక్క సంగతి, దూరంగా ఉన్న జాయింట్లు. మన ఫోటోలో దగ్గరి టైల్ వరస సుమారు 350 పిక్సెళ్ల ఎత్తు ఉంటే, ఐదో వరస 100 మాత్రమే. 2 మిల్లీమీటర్ల జాయింటు అంత దూరంలో అడ్డంగా వెళ్తుంటే పిక్సెల్‌లో మూడో వంతు కూడా ఉండదు. ప్లాన్‌ను మామూలుగా వార్ప్ చేస్తే, అంటే ఫోటో కోణానికి మలిస్తే, ఆ గీత కొన్ని పిక్సెళ్లకు తగులుతుంది, కొన్నిటికి తగలదు, చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. నాలుగు రెట్ల పెద్ద సైజులో వార్ప్ చేసి, తర్వాత `INTER_AREA`తో తగ్గిస్తే గీత తెగకుండా, దూరం వెళ్లేకొద్దీ సహజంగా పలచబడుతుంది.

నేలను సోఫా, గోడల నుంచి వేరుచేసే మాస్క్ గురించి పెద్దగా చెప్పను, సోఫా కాళ్ల అంచున ఒకటి రెండు పిక్సెళ్ల మెత్తదనం ఉంచండి, చాలు.

(ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: పాత నేల ఉత్త సిమెంట్ గచ్చు అయితే? టైల్ గీతలే లేకపోతే కొలత ఎలా?)

మంచి ప్రశ్న అండీ. కొందరు ఒక ఏ4 కాగితం నేల మీద పెట్టి ఫోటో తీయమంటారు, దాని కొలత 210 బై 297 అని తెలుసు కాబట్టి. పనికొస్తుంది గానీ చాలదు. ఇలాంటి ఫోటోలో నాలుగు మీటర్ల దూరంలో ఉన్న కాగితం లోతు సుమారు 85 పిక్సెళ్లే. క్లిక్‌లో రెండు పిక్సెళ్ల తేడా వచ్చినా, దాన్ని నేలంతటికీ విస్తరిస్తే గోడ దగ్గరికి వెళ్లేసరికి టైల్స్ వరసే పక్కకు వాలిపోతుంది. బదులుగా టేపుతో 2 మీటర్లు బై 3 మీటర్లు కొలిచి, నాలుగు మూలల్లో నాలుగు కాగితాలు పెట్టమనండి. మూలలు సమకోణంలో ఉన్నాయో లేదో రెండు వికర్ణాలు కొలిస్తే తెలుస్తుంది, రెండూ 3 మీటర్ల 60.6 సెంటీమీటర్లు రావాలి. ఆ తెల్ల కాగితం వల్ల ఇంకో లాభం ఉంది. శాంపిల్ టైల్ పక్కన కూడా అలాంటి కాగితమే పెట్టి ఫోటో తీయించండి. రెండు ఫోటోల్లో కాగితం ఒకేలా కనిపించేటట్టు వెలుగును, రంగును సరిచేస్తే, ట్యూబ్‌లైట్ కింద తీసిన శాంపిల్‌ను పగటి వెలుగు గదిలో పెట్టినా రంగు మారదు.

(ఇంకో ప్రశ్న: ఇంత చేసినా, టైల్స్ వేశాక గది బొమ్మలో కంటే చీకటిగా ఉందని అంటున్నారు. ఎందుకు?)

ముదురు టైల్ వేసినవాళ్లే అంటున్నారు కదా? అది నిజమే, వాళ్ల భ్రమ కాదు. కిటికీలోంచి వచ్చిన వెలుగు నేల మీద పడి, అక్కడి నుంచి గోడల మీదికి, పైకప్పుకు, సోఫా అడుగుకు ఎగసి వెళ్తుంది. క్రీమ్ నేల దానిలో చాలా భాగాన్ని తిప్పి పంపుతుంది. బూడిద నేల చాలావరకు మింగేస్తుంది. మన పద్ధతి నేలను మాత్రమే మార్చింది. గోడల మీద, పైకప్పు మీద ఉన్నది ఇంకా పాత క్రీమ్ నేల పంపిన వెలుగే. గుర్తుపట్టాలంటే స్కర్టింగ్ పైన ఉన్న గోడ అడుగు భాగాన్ని, కుర్చీ సీటు అడుగును చూడండి, ముదురు నేల పక్కన అవి ఉండాల్సిన దానికంటే తెల్లగా కనిపిస్తాయి. ఒక్క ఫోటోతో దీన్ని కచ్చితంగా లెక్కకట్టలేం, ఎందుకంటే గదిలో ఏ వెలుగు నేరుగా వచ్చిందో, ఏది నేల మీంచి ఎగసిందో ఫోటో విడదీసి చెప్పదు. నేను గోడ అడుగున, పైకప్పు మీద కాస్త వెలుగు తగ్గించి రెండో బొమ్మ చేస్తాను. అది నా అంచనా అని ఇంటివాళ్లకు చెప్పి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఇస్తాను. లేత రంగు నుంచి ముదురుకు మారేవాళ్లకు ఆ రెండో బొమ్మ లేకుండా మొదటిది ఇవ్వను.